జుట్టు రంపంలా తెగితే తప్పు కెమెరాది కాదు

మైపాడు బీచ్‌లో సముద్రపు గాలికి జుట్టు ఎగురుతుండగా తీసిన పెళ్లికూతురి ఫోటో చూడ ముచ్చటగా ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ మార్చి ఆల్బమ్‌లో పెట్టేసరికి తల చుట్టూ రంపపు పళ్లు మొలుస్తాయి. ఇదేమిటని అడిగితే తరచూ వినిపించే జవాబు, కెమెరాకి మెగాపిక్సెల్స్ చాలవని. ఈ మాట తప్పు.

లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఫోటో ఎత్తు 6000 పిక్సెల్స్. అందులో రెండు మీటర్ల ఎత్తు పడితే ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరులో మూడో వంతును చూపిస్తుంది. వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటరు, అంటే పిక్సెల్‌లో ఐదో వంతు. వెంట్రుక ఒక పిక్సెల్‌ను పూర్తిగా నింపాలంటే 600 మెగాపిక్సెల్స్ కావాలి. అప్పుడైనా దాని అంచు పిక్సెల్స్‌లో ఆకాశం కలిసే ఉంటుంది.

అసలు లోపం కటింగ్‌లో ఉంది. కొంత వెంట్రుక, కొంత ఆకాశం ఉన్న పిక్సెల్‌ను మామూలు సెలెక్షన్ పూర్తిగా ఉంచుతుంది, లేదా పూర్తిగా తీసేస్తుంది. పళ్లు పుట్టేది అక్కడే. `Feather` పెంచితే చాలనే వాళ్లూ ఉన్నారు. అది భుజాన్నీ జుట్టునూ ఒకే తీరున మసకబారుస్తుంది. పోయిన వెంట్రుక తిరిగి రాదు.

మాస్కులో కావలసింది నలుపు తెలుపుల మధ్య ఉండే బూడిద రంగు. నీలం ఛానల్‌లో ఆకాశం విలువ 210, జుట్టు 30, అంచు పిక్సెల్ 174 అనుకుందాం. ఆకాశానికీ జుట్టుకీ తేడా 180. అంచు పిక్సెల్ ఆకాశం కన్నా 36 తక్కువ. అంటే అందులో వెంట్రుక ఐదో వంతే కాబట్టి మాస్కులో దాని విలువ 255కి 51 ఉండాలి. ఫోటోషాప్‌లో `Select and Mask` తెరిచి `Refine Edge Brush`తో జుట్టు అంచు మీద రుద్దితే జరిగేది ఇలాంటి అంచనాయే.

ఇక్కడితో ఆగిపోతే తెల్లటి గీత మిగులుతుంది. నీలం విలువ 40 ఉన్న ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద ఆ పిక్సెల్ 38 దగ్గర ఉండాలి. కానీ ఆకాశపు రంగు అంటుకునే ఉండడంతో 67 అవుతుంది. `Decontaminate Colors` ఆ రంగు తీసి జుట్టు రంగు నింపుతుంది. పిక్సెల్స్ మారిపోతాయి కాబట్టి ఫలితాన్ని కొత్త లేయర్‌లోకో కొత్త డాక్యుమెంట్‌లోకో తీసుకోవాలి.

దీనికీ హద్దుంది. సరుగుడు తోపు నీడ ముందు నల్లటి జుట్టుంటే రెంటికీ తేడా ఉండదు, ఏ మాస్కూ విడదీయలేదు. వెలుగు ఆకాశం ముందు నిలబడ్డ తెల్ల గొర్రెపిల్ల బొచ్చు సంగతీ అంతే. అప్పుడు వెంట్రుకలు చేత్తో గీయాల్సిందే.

డిజైనర్లకు నా మనవి ఒక్కటే. కటింగ్ అయ్యాక ఆ బొమ్మను ఒకసారి నలుపు మీద, ఒకసారి తెలుపు మీద పెట్టి చూడండి. అంచు రెంటి మీదా నిలిస్తేనే ప్రింటుకి పంపండి.