కెమెరాకి తెలివి ఎక్కువైతే

మా నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. రాజమండ్రిలో ఉంటారు. చెవులు బాగా మందగించాయి. వినికిడి యంత్రం ఉంది కానీ, కంప్యూటర్లోంచి వచ్చే గొంతు దానికి సరిగ్గా అందదు. అందుకని ప్రతి ఆదివారం వీడియోలో మాట్లాడేటప్పుడు ఆయన సగం చెవులతో వింటారు, సగం నా పెదవుల కదలిక చూసి పోల్చుకుంటారు. ఇది నాకు చాలాకాలం తెలియదు. ఒకరోజు విసుక్కుని, "ఏరా, నీ మూతి కాసేపు కనపడుతుంది, కాసేపు అలికేసినట్టుంటుంది. ఇంకేం అర్థమవుతుంది నాకు?" అన్నారు.

నెట్ కనెక్షన్ తప్పనుకున్నాను. మార్చాను. తేడా లేదు. అప్పుడు నా బొమ్మని నేనే ఐదు నిమిషాలు రికార్డు చేసి చూసుకుంటే అసలు దొంగ దొరికాడు. నేను తెరమీద తెల్లటి పేజీ తెరిస్తే మొహం మీద వెలుగు పడుతుంది, కెమెరా బొమ్మని చీకటి చేస్తుంది. పేజీ మూస్తే మళ్ళీ వెలిగిస్తుంది. చెయ్యి ఊపితే లెన్సు చేతి మీదకి పోయి, అక్కణ్ణించి వెనక పుస్తకాల బీరువా మీదకి పోయి, చివరికి తీరుబడిగా నా మొహానికి వస్తుంది. ఈలోగా రెండు వాక్యాలు అయిపోతాయి. ఆ రెండు వాక్యాలూ నాన్నగారికి లేనట్టే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బల్లమీద కదలకుండా కూర్చునే కెమెరాకి ఈ ఆటోమేటిక్ తెలివితేటలు అక్కర్లేదు. చేత్తో పట్టుకు తిరిగే ఫోనులో సర్దుబాటు ఉండాల్సిందే, ఎండలోంచి నీడలోకి నడుస్తాం కాబట్టి. వెబ్‌క్యామ్ సంగతి వేరు. అదే కుర్చీ, అదే దీపం, అదే మొహం. ఒక్కసారి కొలిచి ఊరుకోవలసిన పనిని అది సెకనుకి ముప్ఫైసార్లు కొత్తగా మొదలుపెడుతుంది. పైగా దాని కొలతకి ఆధారం ఒట్టి అంచనా. ఫ్రేములోని వెలుగంతా సగటు తీస్తే ఒక మధ్యరకం బూడిదరంగు రావాలని ఎక్స్‌పోజర్ లెక్క. తెల్లచొక్కా వేసుకుంటే సగటు పెరుగుతుంది, మొహం నల్లబడుతుంది. రంగులన్నీ కలిపితే తటస్థంగా ఉండాలని చాలా కెమెరాల్లో వైట్ బేలన్స్ లెక్క. మీ వెనక గోడకి పసుపు రంగు వేసి ఉంటే, ఆ పసుపుని దీపం చేసిన తప్పుగా భావించి, దాన్ని తగ్గించబోయి మీ మొహానికి నీలం పులుముతుంది. ఫోకస్ అయితే మరీను. ఎక్కడ అంచులు పదునుగా ఉన్నాయో వెతకడానికి లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపి చూడటం తప్ప చాలా కెమెరాల్లో దానికి వేరే దారి లేదు. గది చీకటిగా ఉంటే బొమ్మలోని గరుకునే అంచులనుకుంటుంది. పక్కన ఎక్స్‌పోజర్ కూడా ఊగుతుంటే, ఈ రెండూ ఒకదాన్నొకటి కంగారు పెట్టుకుంటాయి.

కానీ నాన్నగారి విషయంలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇవేవీ కావు. గది మసకగా ఉన్నప్పుడు కెమెరా ఎక్స్‌పోజర్ కాలాన్ని పెంచుతుంది. సెకనుకి 30 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ దొరకవు. అయినా వెలుగు చాలకపోతే, అడక్కుండానే ఫ్రేముల సంఖ్యనే 15కి దించేస్తుంది. బొమ్మ కాంతివంతంగానే కనిపిస్తుంది కాబట్టి మనకి అనుమానం రాదు. పెదవులు మాత్రం ఒక్కో ఫ్రేములో సాగిపోయి, ప, బ, మ లాంటి పెదవులు కలిసే అక్షరాల దగ్గర ఆ కలయిక అలుక్కుపోతుంది. పెదవులు చదివే మనిషికి ఇంతకంటే అన్యాయం లేదు.

ఇక పనిలోకి. నా యంత్రం లైనక్సు కాబట్టి ఆ దారే వివరంగా చెబుతాను. `v4l2-ctl` అనే ప్రోగ్రాముతో ముందు మీ కెమెరా ఏమేం ఒప్పుకుంటుందో అడగాలి.

```
v4l2-ctl -d /dev/video0 --list-ctrls-menus
```

ఈ జాబితాని శ్రద్ధగా చదవండి. పేర్లు కెర్నల్‌ని బట్టి మారతాయి: పాతవాటిలో `exposure_auto`, `exposure_absolute`, కొత్తవాటిలో `auto_exposure`, `exposure_time_absolute`. ఫోకస్ పేర్లే కనబడకపోతే మీది స్థిర ఫోకస్ కెమెరా అయ్యుండచ్చు. చాలా లాప్‌టాప్ కెమెరాలు అంతే, వాటిలో ఫోకస్ వేట అనే జబ్బే ఉండదు.

అన్నిటికంటే ముందు దీపం సంగతి తేల్చుకోవాలి. కిటికీ తెర వేసి, మొహానికి కాస్త పక్కగా ఒక దీపం పెట్టాను. తెర వెయ్యకపోతే మబ్బు వచ్చినప్పుడల్లా మనం చేసిన లెక్క తప్పుతుంది, బిగించిన కెమెరా దాన్ని సర్దదు. కిటికీ వెలుగూ, పచ్చటి బల్బూ కలిసి మొహం మీద పడితే ఇంకో చిక్కు: ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు. ఏ ఒక్క వైట్ బేలన్స్ అంకే ఆ రెంటినీ సరిచెయ్యలేదు.

తర్వాత ఎక్స్‌పోజర్. దీని అంకె సెకనులో పదివేలవ వంతుల్లో ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి, కరెంటుతో పాటు మినుకుమనే దీపాలు సెకనుకి 120 సార్లు మినుకుమంటాయి. ఎక్స్‌పోజర్ ఆ మినుకుల పూర్తి లెక్కకి సరిపోవాలి: ఒక మినుక్కి 83, రెంటికి 167, నాలుగింటికి 333. నేను 167 తీసుకున్నాను, అంటే సెకనులో అరవయ్యో వంతు. పెదవులు అలుక్కుపోవు, చారలూ రావు. మొదట బొమ్మ చీకటిగా వచ్చింది. గెయిన్ పెంచితే వెలుగొస్తుంది కానీ ఇసక చల్లినట్టు గరుకు కూడా వస్తుంది. అందుకని గెయిన్ కొంచెమే పెంచి, దీపాన్ని ఒక మూరెడు దగ్గరికి జరిపాను. కెమెరాలో దొరకని వెలుగు దీపంలో చవగ్గా దొరుకుతుంది.

వైట్ బేలన్స్‌కి ఒక తెల్లకాగితం మొహం పక్కన పెట్టుకుని, కాగితం తెల్లగా కనబడేదాకా అంకె మార్చాలి. అంకె పెంచితే బొమ్మ వెచ్చబడుతుంది, అంటే పసుపెక్కుతుంది. బల్బు డబ్బా మీద 2700 అని రాసి ఉన్నా, కెమెరాలో సరిగ్గా 2700 దగ్గరే కుదురుతుందని లేదు. నాకు 3200 దగ్గర కుదిరింది. కంటిని నమ్మండి.

ఫోకస్ చివర. కెమెరాకీ మొహానికీ ఎంత దూరమో అంతే దూరంలో, చెంప పక్కన తెలుగు క్యాలెండర్ కాగితం పట్టుకున్నాను. అందులో తిథి, నక్షత్రం రాసే సన్న అక్షరాలకంటే మంచి పరీక్ష లేదు. ఐదేసి చొప్పున అంకె పెంచుతూ పోతే అక్షరాలు పదునెక్కి, మళ్ళీ మసకబారతాయి. రెండు మసకల మధ్యనున్న అంకె తీసుకోవాలి. పదును రాగానే ఆగిపోతే అంచుమీద ఉన్నట్టు, కాస్త కదిలితే చెడిపోతుంది. మధ్యలో బిగిస్తే, ఈ చిన్న లెన్సులకి ఓర్పు ఎక్కువ కాబట్టి, జానెడు ముందుకీ వెనక్కీ జరిగినా ఫరవాలేదు. నా కెమెరాలో సున్నా అంటే దూరం, అంకె పెరిగేకొద్దీ దగ్గర. మీది తిరగబడి ఉండవచ్చు.

చివరికి తేలింది ఇది:

```
C="v4l2-ctl -d /dev/video0 -c"
$C auto_exposure=1
$C exposure_dynamic_framerate=0
$C exposure_time_absolute=167
$C gain=60
$C white_balance_automatic=0
$C white_balance_temperature=3200
$C focus_automatic_continuous=0
$C focus_absolute=35
```

వరస ముఖ్యం. ముందు ఆటోని ఆపి, తర్వాతే అంకె ఇవ్వాలి. ఆటో నడుస్తుండగా ఇచ్చిన అంకెని కెమెరా నిరాకరిస్తుంది, లేదా తీసుకున్నట్టే తీసుకుని పట్టించుకోదు. `auto_exposure=1` అంటే మాన్యువల్ అని కూడా గమనించండి. ఒకటి అంటే ఆన్ అనుకుని నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

విండోస్‌లో ఇవే మీటలు ఓబీఎస్ ప్రోగ్రాములో కెమెరా గుణాల కింద `Configure Video` నొక్కితే దొరుకుతాయి. అక్కడ ఎక్స్‌పోజర్ అంకెలు -5, -6, -7 అని ఉంటాయి, ఒక్కో మెట్టుకీ కాలం సగమవుతుంది. -6 అంటే సెకనులో 64వ వంతు. అది 60కి దగ్గరే కాబట్టి అమెరికాలో ఎలాగో గడిచిపోతుంది.

బిగించాక కూడా బొమ్మ ఊగుతుంటే కెమెరాని తిట్టకండి. కొన్ని కాల్ ప్రోగ్రాములు మసక వెలుతురుని సరిచేస్తామంటూ సొంతంగా బొమ్మని వెలిగిస్తాయి. కెమెరాని `guvcview` లాంటి మామూలు ప్రోగ్రాములో చూడండి. అక్కడ నిలకడగా ఉండి కాల్‌లో ఊగితే తప్పు ప్రోగ్రాముది, దాని సెట్టింగుల్లో ఆ సరిదిద్దడాన్ని ఆపాలి. తీగ పీకి పెడితే అంకెలు పోయే కెమెరాలు చాలా ఉన్నాయి. కొన్ని ప్రోగ్రాములు కెమెరా తెరవగానే ఆటోని మళ్ళీ వేస్తాయి కూడా. అందుకే పై ముక్కని ఒక ఫైల్లో పెట్టుకుని, కాల్ మొదలయ్యాక నడుపుతాను. కాల్ నడుస్తుండగా కూడా పనిచేస్తుంది.

2023లో ఇదే కెమెరా, ఇదే ఫైలు పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను, అక్కణ్ణించి ఆఫీసు మీటింగుల కోసం. బొమ్మ మీద నల్లచారలు అలల్లా పాకడం మొదలెట్టాయి. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, దీపాల మినుకు సెకనుకి 100. నా 167 అక్కడ ఒకటిన్నర మినుకులకి పైచిలుకు, ఏ లెక్కకీ సరిపోదు. 200 అని మార్చగానే చారలు మాయం. పనిలో పనిగా అక్కడి కంప్యూటర్ కెమెరాకీ 200 పెట్టి వచ్చాను. ఆటోలో ఉంటే ఈ లెక్క కొన్ని కెమెరాలు చూసుకుంటాయి, నిజమే. బిగించినవాడే లెక్క చూసుకోవాలి.

అందరికీ ఇది నప్పదు. పగలంతా కిటికీ వెలుగులో పనిచేసేవాళ్ళు ఎక్స్‌పోజర్‌ని వదిలేసి, ఫోకస్, వైట్ బేలన్స్ మాత్రం బిగించుకోవడం మేలు. నా ఫిర్యాదు తయారీదారుల మీద. కెమెరా డబ్బా మీద ఆటో ఫోకస్ అని పెద్దక్షరాలు వేస్తారు కానీ, ఇప్పుడు కొలిచి ఇక్కడే ఆగు అని చెప్పే మీట ఒక్కటి పెట్టరు. లోపల ఆ సదుపాయం లేకపోతేనా, పైన చేసింది అదే కదా. చాలా కెమెరాల్లో ఆటోని కాసేపు కుదురుకోనిచ్చి ఆపేస్తే, ఫోకస్ ఉన్నచోటే నిలిచిపోతుంది. దానికొక బొత్తాము పెట్టడానికి ఏం అడ్డమొచ్చిందో నాకు అర్థం కాదు.

ఫైలు నడిపిన మొదటి ఆదివారం నాన్నగారు అరగంట మాట్లాడారు, ఒక్కసారే మళ్ళీ చెప్పమన్నారు. పెట్టేసేముందు, "ఇప్పుడు బానే ఉందిరా, ఆ మీసం ఒక్కటి తీసెయ్యి" అన్నారు. దాని గురించి ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది.