అక్షరమే అంకెయైనచోట అనువాదకుని ధర్మం

మహాభారతానికి ‘జయ’మని నామాంతరం. కటపయాది పద్ధతి నెరిగినవారికి ఈ రెండక్షరాలలో ఒక సంఖ్య కూడా వినిపిస్తుంది. కకారం నుండి లెక్కించగా జకారం ఎనిమిదవది. యకారం తన వర్గంలో మొదటిది. అంకెలను కుడినుండి ఎడమకు చదవాలన్న నియమం చొప్పున ఎనిమిది, ఒకటి కలిసి 18 అవుతాయి. పర్వాలు 18, యుద్ధదినాలు 18, అక్షౌహిణులు 18, గీతాధ్యాయాలు 18. ఈ శబ్దాన్ని పరభాషలోకి ‘గెలుపు’ అనే అర్థంతో మార్చితే అర్థం నిలుస్తుంది, సంఖ్య జారిపోతుంది. మూలంలో ఒక్క శ్వాసలో పలికిన రెండింటిని అనువాదం ఒక్క శ్వాసలో పలుకలేదు.

ఇదే సంకటం హీబ్రూ గ్రంథాలను తెలుగు చేయువారికి అడుగడుగునా ఎదురవుతుంది. ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. ఉయ్యూరు నుండి కృష్ణకు ఆవల, గుంటూరు సీమలోని చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదుల సమాజం ఉన్నది. వారి మాతృభాష తెలుగు; వారు తమదిగా భావించే శాస్త్రభాష హీబ్రూ. అట్టి పాఠకుని చేతిలో తెలుగు ఆదికాండం ఉన్నప్పుడు మూలంలోని ఏ ధ్వని అతనికి చేరుతున్నది, ఏది చేరడం లేదు అన్నది నిజమైన ప్రశ్న.

హీబ్రూ వర్ణమాలలో 22 అక్షరాలు. మొదటి తొమ్మిది 1 నుండి 9 వరకు, తరువాతి తొమ్మిది 10 నుండి 90 వరకు, చివరి నాలుగు 100 నుండి 400 వరకు విలువ గలవి. కటపయాదిలో అక్షరం యొక్క స్థానాన్ని బట్టి విలువ పెరుగుతుంది; హీబ్రూలో అక్షరాల విలువలను కేవలం కూడుతారు. కటపయాదిని శాస్త్రకారుడు కావాలని ప్రయోగిస్తాడు. హీబ్రూలో అక్షరాలే అంకెలుగా వాడుకలోకి వచ్చినందున ప్రతి పదమూ, ఎవరూ కోరకున్నా, ఒక సంఖ్య అయి కూర్చుంటుంది. 10, 5 విలువలు గల అక్షరాలను కలిపి 15 వ్రాస్తే దైవనామంలోని భాగం ఏర్పడుతుంది గనుక, ఆ భాషవారు దానిని 9, 6 కలిపి వ్రాస్తారు. అంకె వ్రాసేటప్పుడు కూడా వారికి శబ్దం వినబడుతూనే ఉంటుందనడానికి ఇదే సాక్ష్యం.

ఇక ఒక ఉదాహరణను పూర్తిగా పరిశీలించాలి. ఆదికాండం 14వ అధ్యాయంలో అబ్రాహాము, చెరపట్టబడిన తన సోదరుని కుమారుడు లోతును విడిపించడానికి తన ఇంట పుట్టిన 318 మందితో బయలుదేరుతాడు. మరుసటి అధ్యాయంలో అతని సేవకుడు ఎలీయెజెరు పేరు వస్తుంది. ఆ పేరులోని అక్షరాలు ఆరు: అలెఫ్ 1, లామెద్ 30, యోద్ 10, అయిన్ 70, జయిన్ 7, రేష్ 200. కూడితే సరిగా 318. దీనిని బట్టి బాబిలోనియా తాల్ముదులోని ఒక వ్యాఖ్యానం, అబ్రాహాముతో వెళ్లినది సేన కాదు, ఎలీయెజెరు ఒక్కడేనని చెబుతుంది. 11వ శతాబ్దపు భాష్యకారుడు రాషి కూడా దీనిని ఉల్లేఖించాడు.

తెలుగు పాఠకునికి ఇక్కడ సంఖ్య కనబడుతుంది, పేరు కనబడదు. అనువాదకుడు తెలివి చూపి మన పద్ధతినే ఆ పేరుకు అన్వయిస్తే ఏమవుతుంది? ఎలీయెజెరు అన్న తెలుగు రూపానికి కటపయాదిలో అచ్చు సున్న, లకారం 3, యకారం 1, జకారం 8, రేఫ 2. కుడినుండి చదివితే 28130. ఇది ఎవరికీ పనికిరాని సంఖ్య. పోనీ, 318 వచ్చేటట్లు సేవకునికి వేరొక పేరు కల్పిస్తే అది అనువాదం కాదు, గ్రంథచౌర్యానికి చెల్లెలు. మూలపాఠంలో 318ని 318గానే ఉంచి, శ్లేషను అధస్సూచికకు పంపడమే ఇక్కడ ధర్మం.

దీనికి విపర్యయమైన సందర్భం కూడా ఉన్నది. 42వ అధ్యాయంలో కరవు వచ్చినప్పుడు యాకోబు తన కుమారులను ధాన్యం కోసం ఐగుప్తుకు దిగి వెళ్లుమంటాడు. ఆ ‘దిగుడు’ అనే క్రియ హీబ్రూలో ‘రెదూ’: రేష్ 200, దాలెత్ 4, వావ్ 6, మొత్తం 210. వారి సంతతి ఐగుప్తులో గడపబోయే 210 ఏండ్లకు ఇది సూచన అని, అందుకే యాకోబు ‘వెళ్లుడు’ అనక ‘దిగుడు’ అన్నాడని రాషి వివరణ. ఇచ్చట పదం కనబడుతుంది, సంఖ్య కనబడదు. తెలుగు చేసేవాడు సౌలభ్యం కోసం ‘వెళ్లుడు’ అని వ్రాస్తే సూచిక నిలబడడానికి కొయ్య కూడా మిగలదు. అధస్సూచిక ఉన్నది కదా అని మూలానువాదంలో అశ్రద్ధ చూపరాదని ఇది నేర్పుతుంది.

సూచికకు మరొక నియమం కూడా ఉండాలి: లెక్క కట్టిన వర్ణక్రమం ఆ చోట ఉన్నదేనా అని చూడాలి. దావీదు పేరును మూడక్షరాలతో వ్రాస్తే 14 అవుతుంది. దినవృత్తాంతముల గ్రంథంలో సామాన్యంగా ఒక యోద్ అధికంగా చేర్చి వ్రాస్తారు, అప్పుడు 24. చూడకుండా వ్రాసిన సూచిక అసత్యమవుతుంది.

అన్నింటికన్న ముఖ్యమైనది, ఆ పఠనం ఎవరిదో చెప్పడం. ఆదికాండంలో 318 అన్న సంఖ్య అక్షరాంకెలలో లేదు, మాటలలోనే వ్రాయబడి ఉన్నది. 12వ శతాబ్దపు ఇబ్న్ ఎజ్రా ఈ 318 వ్యాఖ్యనే నిరాకరించాడు. శాస్త్రం ఇట్టి లెక్కలతో మాట్లాడదని, ఇట్లయితే ఏ పేరునైనా కోరినట్లు మంచికో చెడుకో తిప్పవచ్చునని ఆయన వాదం. అందుచేత సూచిక ఇట్లుండుట యుక్తం: “హీబ్రూలో అక్షరాలకు సంఖ్యావిలువ ఉన్నది. ఎలీయెజెరు పేరు మొత్తం 318. తాల్ముదు వ్యాఖ్యాతలు ఇచ్చట అతడొక్కడే సూచితుడన్నారు. ఇబ్న్ ఎజ్రా అంగీకరించలేదు.” గ్రంథకర్త ఇట్లే ఉద్దేశించాడని వ్రాస్తే వ్యాఖ్యను మూలంగా అమ్మినట్లే. మన భాష్యసంప్రదాయంలో పూర్వపక్షాన్ని దాచడం ఎంత దోషమో ఇదీ అంతే.

హీబ్రూలో ‘హయ్’ అంటే ప్రాణం గలది. దాని విలువ 8, 10 కలిసి 18. యూదులు శుభకార్యాలలో 18 గుణిజాలలో కానుకలిస్తారు. ఇటు జయం 18, అటు జీవం 18 అని వినగానే రెండు శాస్త్రాలకు మూలమొకటేనని చాటడానికి కొందరు ఉవ్విళ్లూరుతారు. అది తగదు. ఒకటి స్థానక్రమంతో వచ్చిన 18, మరొకటి కూడికతో వచ్చిన 18. పద్ధతులు వేరైనప్పుడు ఫలసామ్యం యాదృచ్ఛికమే. ‘జయ’ శబ్దం హీబ్రూలోకి వెళ్లినా అక్కడి అనువాదకుడు పుట అడుగున ఒక వాక్యం వ్రాయవలసిందే. ఆ వాక్యం అతని ఓటమి కాదు. రెండు భాషల నడుమ గల ఎడమును ఉన్నంత మేర చూపి, లేని వంతెనను కట్టకుండుటే సత్యవాక్యం.

స్వస్తి.