రెండెకరాల పది గుంటలు ఎక్కడికి పోయాయి?

పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఒక పెద్ద పంచాయితీకి కారణం నేనే అయ్యాను. అది కూడా నా ఫోన్‌తో, ఆరంటే ఆరే వరసలున్న ఒక పట్టికతో.

మా తాత పేరు మీదున్న భూమిని పెద్దబాపు, మా బాపు చెరి సగం పంచుకుందామనుకున్నారు. పెద్దబాపు దగ్గర పాత పహాణీ నకలు ఒకటి ఉంది. జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి, ఆ పీడీఎఫ్‌ను నాకు వాట్సాప్‌లో పంపాడు. "నువ్వు కంప్యూటర్ల మనిషివి గదా బిడ్డా, ఎవరికెంతొస్తదో లెక్క తీసి పెట్టు" అన్నాడు. ఇదెంత పని అనుకుని, మంచం మీద కూర్చునే గూగుల్ షీట్స్‌లో కొట్టేశాను. పహాణీలో ఉన్నది ఇది:

సర్వే నం. 12/1 – 2.30
సర్వే నం. 12/2 – 1.25
సర్వే నం. 14 – 0.38
సర్వే నం. 31/అ – 3.20
సర్వే నం. 31/ఆ – 1.05
సర్వే నం. 40 – 0.32

కింద SUM పెట్టాను. 8.5 వచ్చింది. రెండుతో భాగించాను. 4.25. "ఒక్కొక్కరికి నాలుగెకరాల ఇరవై అయిదు గుంటలు" అని గట్టిగా చదివాను.

పెద్దబాపు ముఖం మారిపోయింది. "అదెట్ల? నాయన ఎప్పుడూ పదెకరాల ముప్పై గుంటలు అనేటోడు గదా. మిగిలింది ఏమైంది?" అన్నాడు. అని మా బాపు వైపు చూశాడు. ఆ చూపులో ఉన్న ప్రశ్న ఇంట్లో అందరికీ అర్థమైంది. తాత చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నాడు మరి. మా బాపు ఏం మాట్లాడకుండా లేచి బయటికి పోయాడు. మా నాయనమ్మ నన్ను చూసిన చూపు గురించి చెప్పకపోవడమే మంచిది.

కాసేపటికి పెద్దబాపే క్యాలెండర్ వెనక పెన్నుతో రాయడం మొదలుపెట్టాడు. ముందు ఎకరాలు విడిగా కూడాడు. ఏడు. తర్వాత గుంటలు విడిగా కూడాడు. 30, 25, 38, 20, 5, 32. మొత్తం నూట యాభై. "నలభై... ఎనభై... నూట ఇరవై. మూడెకరాలు. ముప్పై గుంటలు మిగిలింది" అన్నాడు. ఏడూ మూడూ పది. పదెకరాల ముప్పై గుంటలు. తాత చెప్పిన లెక్క చెక్కు చెదరలేదు. తప్పింది నా షీట్.

ఎక్కడ తప్పిందో చూద్దాం. పహాణీలో 2.30 అని ఉంటే ఆ చుక్క దశాంశ బిందువు కాదు. చుక్కకు ఎడమ ఉన్నవి ఎకరాలు, కుడి ఉన్నవి గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. కాబట్టి 2.30 అంటే రెండు ముప్పావు ఎకరాలు. షీట్‌కు ఇదేం తెలియదు. వంద నిండితేనే ఒక ఎకరం అనుకుంటుంది. ఎనిమిదిన్నర అని చూపించింది. అసలు ఉన్నది పది ముప్పావు. తేడా రెండుంపావు ఎకరాలు, అంటే రెండెకరాల పది గుంటలు. ఎవరూ అమ్మలేదు, ఎవరూ దాచలేదు. చుక్క మింగేసింది.

ఇందులో అసలు ప్రమాదం ఏంటంటే, తప్పు తప్పులా కనిపించదు. మొత్తం 8.50 అని ఉంటే అనుమానం రావాలి, ఎందుకంటే యాభై గుంటలు అనే మాటే ఉండదు, నలభై దాటితే ఎకరం అవుతుంది. కానీ సగం చేయగానే అది 4.25 అయింది. నాలుగెకరాల ఇరవై అయిదు గుంటలు. వినడానికి ఎంత నిజంగా ఉంది! నిజానికి రావాల్సింది అయిదెకరాల పదిహేను గుంటలు. ఒక్కో అన్నదమ్ముడికి ముప్పై గుంటలు తక్కువ. గుంటకు 121 గజాల చొప్పున 3,630 గజాలు.

మా ఆఫీసులో గుంటూరు మిత్రుడికి ఇది చెబితే, "మాకెప్పుడూ ఇలా తేడా రాలేదే" అన్నాడు. రాదు. వాళ్లకు లెక్క సెంట్లలో ఉంటుంది, ఎకరానికి వంద సెంట్లు. అక్కడ 2.30 అంటే రెండెకరాల ముప్పై సెంట్లు, షీట్ నేరుగా కూడినా సరిపోతుంది. అదే 2.30 తెలంగాణ పహాణీలో ఉంటే ముప్పై గుంటలు, అంటే డెబ్భై అయిదు సెంట్లు. అందుకే పట్టిక ముట్టుకునే ముందు పైన కాలమ్ పేరు కింద ఎ.గుం. అని ఉందా, ఎ.సెం. అని ఉందా చూసుకోవాలి.

ఇక సరిగ్గా ఎలా చేయాలో చెప్తాను. ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఇంకో కాలమ్ పెట్టండి. A లో సర్వే నంబరు, B లో ఎకరాలు, C లో గుంటలు. D లో అన్నిటినీ గుంటలుగా మార్చండి:

```
=B2*40+C2
```

దీన్ని ఏడో వరస దాకా కిందికి లాగితే మా మొదటి వరస 110 గుంటలు, రెండోది 65 అవుతాయి. D8 లో మొత్తం, పక్కన దాన్ని మళ్లీ ఎకరాలుగా, మిగిలిన గుంటలుగా విడగొట్టే రెండు సూత్రాలు:

```
=SUM(D2:D7)
=INT(D8/40)
=MOD(D8,40)
```

మాకు 430, 10, 30 వచ్చాయి. పంపకం కూడా గుంటల్లోనే చేయండి. 430లో సగం 215. దాన్ని మళ్లీ నలభైతో విడగొడితే అయిదెకరాల పదిహేను గుంటలు. ముందు భాగించి తర్వాత మార్చుకుందాం అంటే మళ్లీ నా 4.25 కథే.

కొత్త పాస్‌బుక్కుల్లో, ఆన్‌లైన్ కాపీల్లో చుక్క తర్వాత నాలుగు అంకెలు కూడా కనిపిస్తాయి. 1.0550 అంటే ఒక ఎకరం అయిదున్నర గుంటలు. మొదటి రెండు అంకెలు గుంటలు, చివరి రెండు గుంటలో భాగం. అప్పుడు C లో 5.5 అని కొట్టాలి.

"ఒక్కొక్కటీ ఎవరు కొడతారు, ఫొటో నుంచి కాపీ చేస్తా" అంటారు మీరు. ఆరు వరసలకు చేత్తో కొట్టడమే నయం. ఊరి పట్టిక మొత్తం ఉంటే మాత్రం గూగుల్ లెన్స్ లాంటిదానితో కాపీ చేయక తప్పదు. అప్పుడు పేస్ట్ చేయకముందే ఆ కాలమ్‌లను ఎంచుకుని, నంబర్ ఫార్మాట్‌లో Plain text పెట్టండి. ఎక్సెల్‌లో అయితే Text. లేకపోతే రెండు నష్టాలు. 2.30 కాస్తా 2.3 అయిపోతుంది, తర్వాత చుక్క దగ్గర విడగొడితే ముప్పై గుంటలకు బదులు మూడు గుంటలు మిగులుతాయి. ఇంకోటి సర్వే నంబరు. 12/1 అని పెడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని 12-Jan చేస్తుంది. అయ్యో అని తర్వాత టెక్స్ట్‌గా మారిస్తే 12/1 తిరిగి రాదు, 46034 లాంటి అయిదంకెల సంఖ్య వస్తుంది. 31/అ కు ఈ గండం లేదు, అక్షరం ఉంది కాబట్టి. 12/1, 12/2 లాంటి చిన్న నంబర్లతోనే జాగ్రత్త.

ఫొటో నుంచి కాపీ చేసినప్పుడు ఖాళీ గడులు మాయమవుతాయి. ఒక్క గడి పోతే దాని కింద ఉన్న విస్తీర్ణాలన్నీ ఒక వరస పైకి జరుగుతాయి. పక్కవాళ్ల భూమి మీ సర్వే నంబరులోకి వస్తుంది. అందుకే కాగితం మీద వరసలు లెక్కపెట్టి, షీట్‌లో ప్రతి కాలమ్‌లోనూ అన్నే ఉన్నాయో లేదో చూడండి.

అంకెలు సరిగ్గా వచ్చాయో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు నేనిప్పుడు తప్పకుండా చేస్తున్నాను. మొదటిది, గుంటల కాలమ్‌లో నలభై గానీ అంతకు మించి గానీ ఉంటే అది తప్పు చదివిన అంకె. రెండోది పహాణీయే ఇస్తుంది. అందులో మొత్తం విస్తీర్ణం, సాగుకు పనికిరానిది, సాగుకు యోగ్యమైనది అని మూడు కాలమ్‌లుంటాయి. చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి. మా 31/ఆ చూడండి. మొత్తం 1.05, పనికిరానిది 0.08, యోగ్యమైనది 0.37. గుంటల్లో 8, 37 కలిపితే 45, అంటే ఒక ఎకరం అయిదు గుంటలు. సరిపోయింది. నా ఫోన్ ఆ 37ను 31 అని చదివింది. 31 నలభై లోపే కాబట్టి మొదటి పరీక్షకు చిక్కలేదు. కానీ 8, 31 కలిపితే 39. పట్టుబడింది.

రెండు పరీక్షలూ దాటినా ఆ షీట్ మీ లెక్క కోసమే. పహాణీలోనే తప్పు పడి ఉంటే షీట్ దాన్ని పట్టలేదు, కాగితంలో ఉన్నంత భూమి పొలంలో ఉందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్‌కు చూసేది కూడా రికార్డునే గానీ మన షీట్‌ను కాదు.

ఆ రాత్రి సరిచేసిన లెక్క రెండు ఇళ్లకూ పంపాను. పెద్దబాపు ఫోన్ పక్కన పెట్టి, అరుగు మీద కూర్చున్న మా బాపు దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. కాసేపటికి "చాయ్ పెట్టమను" అని కేక మాత్రం వినపడింది. రెండు చాయ్‌లు నేనే పట్టుకెళ్లాను.