తుప్పుకు పట్టుపంచె

పదో తరగతి గదిలో నల్లబల్ల మీద ఒక మాట రాశాను: క్షయకరణం. దీనర్థం ఎవరు చెబుతారర్రా అన్నాను. మూడో బెంచీలో అమ్మాయి లేచి నిలబడి, కాస్త బెదురుతూనే, "క్షయ రోగం రావడమా సార్?" అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకి తెలుగు వచ్చు. రానిది ఆ మాటను పాఠంలోకి తోలిన పెద్దమనుషులకి.

అదే పాఠంలో నాలుగు పేజీలు తిప్పండి. లోహక్షయం అని ఇంకొకటి కనిపిస్తుంది. అంటే ఏమిటనుకున్నారు? తుప్పు! మీ ఇంటి గేటుకి పట్టే తుప్పు. దానికి పట్టుపంచె కట్టి, విభూతి పెట్టి, లోహక్షయం గారూ దయచేయండి అని పీట వేశారు. సరే, పోనీ, కట్టనివ్వండి. అసలు ఘోరం వేరే ఉంది.

ఇనుప మేకు తడిగాలికి తుప్పు పడుతున్నప్పుడు ఇనుము తన ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది, దానికి ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. దీన్ని ఆక్సీకరణం అంటారు. దీనికి సరిగ్గా ఎదురుగా జరిగేది, అంటే ఆక్సిజన్ పోవడం, ఎలక్ట్రాన్లు చేరడం, క్షయకరణం. ఇప్పుడు మీరే పరీక్ష రాయండి. లోహక్షయంలో లోహానికి జరిగేది ఏమిటి? బుర్ర ఉన్న పిల్ల ఎవరైనా క్షయకరణం అనే రాస్తుంది. క్షయం, క్షయం కలిశాయి కదా! సున్నా మార్కులు. తెలుగు తెలిసినందుకు సున్నా. రెండు మాటల్నీ విడివిడిగా, అర్థం పట్టించుకోకుండా బట్టీ కొట్టిన వాడికి పూర్తి మార్కులు. మాతృభాషలో చదువంటే ఇదేనా స్వామీ?

ఈ ప్రమాదం ఎక్కడ జరిగిందో చూడండి. ఇంగ్లీషు వాడి రిడక్షన్ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని మొదటి అర్థం 'వెనక్కి తీసుకురావడం'. మట్టిలా, భస్మంలా ఉన్న ఖనిజం నుంచి లోహాన్ని తిరిగి రప్పించడం. కొలిమి దగ్గర పుట్టిన మాట అది. మనవాళ్లు కొలిమి వైపు వెళ్లలేదు. నిఘంటువు తీశారు, రిడ్యూస్ అంటే తగ్గించు అని ఉంది, తగ్గడానికి క్షయం అని వేశారు, దానికి కరణం తగిలించారు, టీ తాగి తర్వాతి మాటకి వెళ్లిపోయారు.

వాళ్ల తరఫున ఒక వాదం ఉంది, దాచను. నల్లటి కాపర్ ఆక్సైడ్, అంటే CuO, 80 గ్రాములు తీసుకుంటే అందులో రాగి 64 గ్రాములే. ఆక్సిజన్ పోయాక బరువు తగ్గింది కాబట్టి క్షయమే కదా అంటారు. బరువు వరకే అయితే ఒప్పుకుంటాను. కానీ రెండు పేజీల తర్వాత మీరే ఎలక్ట్రాన్ల లెక్కలోకి దిగుతారు. రాగికి రెండు ఎలక్ట్రాన్లు వచ్చి చేరాయి. చేరితే క్షయమా? జీతం పెరిగితే దివాలా అంటారా?

ఇంతవరకు చదివి ఒక వర్గం చంకలు గుద్దుకుంటూ ఉంటుంది. "అందుకే మేం మొదట్నుంచీ మొత్తుకుంటున్నాం, ఇంగ్లీషు మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసి పారేయండి, ఎలాగూ ఇంటర్లో ఇంగ్లీషే కదా!" బాబూ, మీ వంతు ఇంకా రాలేదు, కూర్చోండి. వచ్చింది, లేవండి. అదే అమ్మాయికి నల్లబల్ల మీద రిడక్షన్ అని రాస్తే ఏం గుర్తొస్తుంది? ఆషాఢంలో చీరల కొట్టు ముందు వేలాడే గుడ్డ బ్యానరు! ఫోటోసింథసిస్ అంటే? సెల్‌ఫోన్లో ఫోటో. కిరణజన్య సంయోగక్రియ నోరు తిరగని మాటే, ఎగతాళికి బాగా దొరికే మాటే. కానీ విడదీసి చూపించండి. కిరణం వల్ల పుట్టింది, కలిపే పని. అరగంటలో ఏడో తరగతి పిల్లాడికి పాఠం సగం వచ్చేస్తుంది. ఫోటోసింథసిస్‌ని అలా విప్పాలంటే ముందు గ్రీకు నేర్పాలి. మీకొచ్చా?

కాబట్టి అక్షరాలు మార్చడం వల్ల కష్టం పోదు. పిల్లాడికి అర్థం కాని మాట తెలుగు లిపిలో రాసినా అర్థం కాని మాటే. గుమ్మడికాయ మీద కొబ్బరికాయ అని రాసి గుడికి పట్టుకెళ్లినట్టు.

ఇక శుద్ధవాదులు. వీళ్లకి ఆక్సిజన్ అంటే అంటు. ఆమ్లజని అనాలట. ఆ మాట పుట్టుక తెలుసా? లవోయిజే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉంటుందనుకుని, ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. అది పొరపాటని 1810లో డేవీ తేల్చాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదు. ఫ్రెంచి వాడి మాటలో ఆ తప్పు గ్రీకు ముసుగు వేసుకుని ఉంది, ఎవరికీ కనపడదు. మనం శ్రమపడి ముసుగు తీసి, ఆ తప్పుని అచ్చ సంస్కృతంలో పిల్లల చేత వల్లె వేయించాం. ఆక్సిజన్ అని ఊరుకుంటే ఏ గొడవా లేదు. అది ఒక పేరు. పేరుకి అర్థం అక్కర్లేదు, గుర్తుంటే చాలు. కోవిడ్ రోజుల్లో పల్లెటూరి ముసలమ్మ కూడా ఆక్సిజన్ సిలిండర్ అనే అడిగింది. ఆమ్లజని దొరుకుతుందా నాయనా అని ఎవరైనా అడగగా మీరు విన్నారా?

కేంద్ర ప్రభుత్వం 1961లో శాస్త్ర, సాంకేతిక పదజాలానికి ఒక కమిషన్ వేసింది. మూలకాల పేర్లు, కొలతల పేర్లు, మనుషుల పేర్ల మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంచండి, భావాలకు మాత్రం మన మాటలు చేసుకోండి అని ఆ కమిషన్ ఎప్పుడో చెప్పింది. ఆక్సిజన్, వోల్టు, ఓమ్, మైటోకాండ్రియా తలుపు తోసుకుని వచ్చేశాయి, ఉండనివ్వండి. త్వరణం, జడత్వం, పీడనం భావాలు, వాటికి తెలుగు రూపం కావాలి. ఇందులో నాకు పేచీ లేదు. పేచీ అంతా మూడో గుంపు గురించి. ఇంట్లో మాట ఉండగానే దాన్ని గెంటేసి కొత్తది తెచ్చిన చోట.

రోజూ రాత్రి ఇడ్లీ పిండి పులుస్తుంది. పుస్తకంలో అది కిణ్వప్రక్రియ. పువ్వులో పుప్పొడి ఉంటుంది, వేలికి అంటుకుంటుంది. పుస్తకంలో పరాగరేణువు. ఇనుముకు తుప్పు, రాగిబిందెకు చిలుము, మా అమ్మ చింతపండు పెట్టి తోమేది. పుస్తకంలో రెంటికీ కలిపి లోహక్షయం. మీ అమ్మకి తెలిసిన విషయం సైన్సు కాదు అని పిల్లకి నేర్పుతున్న మొదటి పాఠం ఇది. ఇడ్లీ పిండిలో జరిగేదీ, పుస్తకంలో చదివేదీ ఒకటేనని ఆ పిల్లకి ఎప్పటికీ తట్టదు. అంత దూరం ఎవరు పెట్టారు? మీరు కాదా?

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. నూనె పాతబడి కంపు కొట్టడానికి ముక్కిపోవడం అనే మాట పాఠంలోకి వచ్చింది. ఎవరో మహానుభావుడు ఆ రోజు వంటింట్లోంచి నేరుగా సమావేశానికి వచ్చి ఉంటాడు. ఆక్సీకరణం కూడా చూడండి, ముందు సగం గ్రీకు, వెనక సగం సంస్కృతం. పండితులకు కడుపునొప్పి, పిల్లలకు హాయి. రైలుబండిని వాడుకున్న జాతికి ఈ మిశ్రమం కొత్తేమీ కాదు.

సంస్కృతమంతా ఒద్దికగా ఉంటుందనుకునే వాళ్లకి ఒక చిన్న ప్రశ్న. పాఠంలో పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్. మరి అణుబాంబు? మన లెక్క ప్రకారం అది మాలిక్యూల్ బాంబు! పేపర్లో అణువిద్యుత్తు అని చదివి, బడిలో అణువు అంటే వేరే అని నేర్చుకునే పిల్లాడు గందరగోళపడితే తప్పు వాడిదా?

ఒక పాఠ్యపుస్తకం పరిశీలనకి నన్నూ పిలిచారు ఒకసారి. తుప్పు అని పెడదాం అన్నాను. ఒక పెద్దాయన కళ్లజోడు దించి, "అది శాస్త్రీయంగా ఉండదండీ" అన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే చెప్పారు, మనవడిది ఇంగ్లీషు మీడియమట, ముందునుంచీ అదేనట. శాస్త్రీయత ఊరి పిల్లలకి, సౌకర్యం సొంత పిల్లలకి. ఎదుటి కుర్చీలో ఇంగ్లీషే ముద్దనే కుర్రాయన ఇంకా నిజాయితీపరుడు, మూడు గంటల్లో తెలుగు పేజీ ఒక్కటీ చదవలేదు.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు పదం కళ్లెదుటే ఉంది కాబట్టి ఇక భయమెందుకు? తెలుగు పేజీ తెలుగులా ఉండొచ్చు. అయినా ఉండదు. ఎందుకంటే రోగం నామవాచకాల్లో కాదు, క్రియల్లో ఉంది. కాంతి వంగుతుంది అనరు, వక్రీభవనం చెందుతుంది అంటారు. చెదురుతుంది అనరు, పరిక్షేపణకు గురవుతుంది అంటారు. చెందడం, గురికావడం, జరగడం, ఈ మూడింటితో పుస్తకమంతా నడుస్తుంది. ఎదురు పేజీని అడ్డంగా దింపిన చోట తెలుగు ఇలాగే చచ్చుబడుతుంది. ముందు వంగుతుంది అని చెప్పి, ఆ వంగడాన్నే వక్రీభవనం అంటాం అని తర్వాత చెబితే ఎవరి కిరీటం పోతుంది?

మాట పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. పాఠం అయ్యాక పుస్తకం మూయించి, ఆ మాటతో ఇంట్లో జరిగే సంగతి ఒకటి చెప్పమంటాను. తుప్పుతో ముప్పై వాక్యాలొచ్చాయి. లోహక్షయంతో ఒక్కటీ రాలేదు.

క్షయకరణం సంగతేమిటి మరి? ఒక తరం దానితో పరీక్షలు రాసేసింది, దాన్ని పీకడం నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. కానీ రెండు క్షయాలు ఒకే ఒరలో ఇమడవు. లోహక్షయాన్ని తీసేయండి, తుప్పునూ చిలుమునూ ఇంటికి రానివ్వండి. ఆ మాత్రానికి ఏ ప్రభుత్వమూ పడిపోదు.

మర్నాడు అదే క్లాసులో ఆ నల్లటి కాపర్ ఆక్సైడ్ పొడిని బొగ్గుపొడితో కలిపి, గట్టి గాజు పరీక్షనాళికలో పోసి, బాగా కాల్చాను. వచ్చిన వాయువుని గొట్టంలోంచి సున్నపుతేటలోకి పంపితే అది పాలలా తెల్లబడింది. నాళిక చల్లారాక, అడుగున నలుపు మధ్య ఎర్రటి రవ్వలు మెరిశాయి. ఏమైందో మీ మాటల్లో చెప్పండి అన్నాను.

క్షయ రోగమా అని అడిగిన అమ్మాయే ముందుకొచ్చి వంగి చూసింది.

"రాగి తిరిగొచ్చింది సార్" అంది.