ఫొటో కింద నాలుగు వాక్యాలు

నెలాఖరు సాయంత్రం ఫోన్ తెరిస్తే, శాలువా కప్పుకుని, మెడలో దండతో, చేతిలో బొకేతో నిలబడ్డ ఎవరో ఒక అధికారి కనిపిస్తారు. పదవీ విరమణలు ఎక్కువగా నెల చివరి రోజునే కదా. ఫొటోలో మనిషి మారినా కింద రాత మాత్రం మారదు: ‘మార్గదర్శి, స్ఫూర్తిప్రదాత, అజాతశత్రువు. మీరు లేని లోటు తీరనిది.’ జీవితమంతా పనిచేసి వెళ్తున్న మనిషి గురించి అందులో ఒక్క ముక్కా లేదు. పైగా మెడలో దండ, కింద ‘తీరని లోటు’ చూసి దూరపు చుట్టాలు కంగారుపడతారు.

ఈమధ్య బ్యాంకులో పనిచేసే మా బంధువులమ్మాయి తన మేనేజరు కోసం అచ్చం ఇలాగే రాసి చూపించింది.

‘ఇది ఎవరికైనా సరిపోతుంది. మీ మేడమ్ మాత్రమే చేసే పని ఒకటి చెప్పమ్మా’ అన్నాను.

కాసేపు ఆలోచించింది. ‘నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం పెద్దవాళ్లు వస్తారు కదండీ. ఆ రోజుల్లో మేడమ్ తన గదిలో కూర్చోరు. బయట కుర్చీలు వేయించి, కళ్లు సరిగా కనబడనివాళ్ల ఫారాలు తనే నింపుతారు’ అంది.

ఇంకేం కావాలి! ఇద్దరం కలిసి ఇలా తిరగరాశాం:

‘నవంబరులో పింఛనుదారులు వస్తే మా మేడమ్ తన గది వదిలి వాళ్ల పక్కన కూర్చునేవారు. ఓపిగ్గా ఫారాలు నింపేవారు. ఆవిడను చూసి మేమూ నేర్చుకున్నాం. ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మేడమ్‌కు మా శాఖ అందరి తరఫున నమస్కారాలు. ఆరోగ్యంగా ఉండండి, మమ్మల్ని చూడ్డానికి వస్తూ ఉండండి.’

ఫోన్లో మొదటి రెండు మూడు వరుసలే కనబడి మిగతాది దాగిపోతుంది. అందుకే అసలు సంగతి ముందు పెట్టి, శుభాకాంక్షలు చివరికి జరిపాం. వెళ్తున్నది బదిలీ మీదా, రిటైరయ్యా, రాజీనామా చేసా అన్నది స్పష్టంగా ఉండాలి. రాజీనామా అయితే కొత్త సంస్థ పేరు వాళ్లే చెప్పుకోవాలి, మనం బయటపెట్టకూడదు.

ఆ అమ్మాయి ముందు రాసినదాంట్లో, క్యాష్ లెక్క తేలని రోజు మేడమ్ కోపం గురించి ఒక జోకు ఉంది. శాఖలో అందరూ నవ్వుతారు, నిజమే. అదే వాక్యం ఖాతాదారు చదివితే ‘ఇక్కడ లెక్కలు తేలవా?’ అనుకుంటాడు. తీసేయించాను. ఫొటోలో వెనక కంప్యూటరు తెర మీద ఎవరిదో ఖాతా కనిపిస్తోంది, దాన్నీ కత్తిరించాం.

ఈ నెలాఖరున మీ ఆఫీసులో ఎవరైనా వెళ్తుంటే విశేషణాలు పక్కనపెట్టి, వాళ్లు చేసిన ఒక్క పని రాయండి. పోస్ట్ చేసే ముందు ఒకసారి వాళ్లకే చూపించండి.