ట్రెండింగ్ వెంట పడదామా, ఏడాదంతా వెతికే మాట పట్టుకుందామా?

మేము నరసరావుపేట హాస్టల్లో ఉండే నలుగురం. మా చిన్న ఛానల్‌కి ఉన్నది ఒక్క ఫోను, షూటింగ్‌కి దొరికేది ఆదివారాలే. నెలకి ఎనిమిది వీడియోలు, అంతకుమించి మావల్ల కాదు. ఆ ఎనిమిదీ ఏ కీవర్డ్ మీద పెట్టాలన్న దగ్గరే మా రూములో గొడవ.

పోయిన వానాకాలం సాగర్ గేట్లు ఎత్తగానే మేమూ పరుగెత్తి వీడియో పెట్టాం. nagarjuna sagar gates open అని కొడితే పైనంతా పెద్ద న్యూస్ ఛానళ్లే. మాది మూడో రోజుకే ఆగిపోయింది. అదే నెల మాచర్ల నుంచి ఎత్తిపోతలకి ఎలా వెళ్లాలో చెప్పిన వీడియో మెల్లగా మొదలైంది, ఇప్పటికీ రోజూ కొందరు చూస్తున్నారు.

తేడా ముందే తెలుసుకోవచ్చు. గూగుల్ ట్రెండ్స్‌లో Web Search మార్చి YouTube Search పెట్టి, ఐదేళ్ల గీత చూడండి. గీత దాదాపు సమంగా పోతే అది ఎవర్‌గ్రీన్. ఒక్కసారి లేచి పడిపోతే ట్రెండింగ్. ఏటా అదే నెలలో లేస్తే అది సీజన్ మాట. మన ఊళ్ల పేర్లకి చాలాసార్లు గీతే రాదు. అప్పుడు యూట్యూబ్ సెర్చ్‌లో ethipothala అని కొట్టి ఆగండి, కింద వచ్చే మాటలు జనం వెతికేవే. మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు కాబట్టి టైటిల్లో రెండు రకాలుగానూ రాయాలి.

ఇప్పుడు అసలు చిక్కు. 2026లో ఫిబ్రవరి 15నే శివరాత్రి, అదే రోజు సేవాలాల్ జయంతి. కోటప్పకొండ తిరునాళ్లకి వెతికేవాళ్లు ఎక్కువ. కానీ ఆ రోజు ప్రభల దగ్గర ఫోను లేనివాడు ఉండడు. మేమంటాం, కొండకి దారి, బండ్లు ఎక్కడ ఆపాలి అన్న వీడియో జనవరి ఆఖరులోనే పెట్టేయాలి. వెళ్లేవాళ్లు వెతికేది ముందుగానే కదా. పదిహేనున ఫోను తండాలో ఉండాలి. భోగ్ ఎలా చేస్తారు, సేవాలాల్ ఎవరు అని ఆ రోజు తీసింది వచ్చే ఏడాది కూడా పనికొస్తుంది.

అందుకే మా లెక్క: ఐదు ఎవర్‌గ్రీన్, రెండు సీజన్, ఒకటి ఖాళీ. మన దగ్గరే ఏదైనా జరిగి, మనం మాత్రమే చూపించగలిగితే ఆ ఖాళీ వాడాలి. లేకపోతే అదీ ఎవర్‌గ్రీనే.

నెల తర్వాత స్టూడియోలో ట్రాఫిక్ సోర్సెస్ చూడండి. YouTube search నుంచి వచ్చే వ్యూస్ రెండో నెలలో కూడా తగ్గకపోతే మాట సరిగ్గా పట్టుకున్నట్టే. ఒక్క జాగ్రత్త: ఎవర్‌గ్రీన్ అంటే పెట్టి మర్చిపోయేది కాదు. బస్సు టైం మారితే, అప్లికేషన్ తేదీ మారితే పాత వీడియో చూసి మన తమ్ముడే నష్టపోతాడు. డిస్క్రిప్షన్ మార్చండి, తప్పు పెద్దదైతే కొత్త వీడియో పెట్టండి.

మీ తండాల్లో, గూడేల్లో జనం ఏం వెతుకుతున్నారో కింద రాయండి. ఫిబ్రవరి ఐదింటిలో ఇంకా రెండు ఖాళీ ఉన్నాయి.