యాంటీబయాటిక్స్‌కు లొంగని జ్వరం... ఊపిరితిత్తుల్లో ఫంగస్ కావచ్చు!

కొవిడ్ రెండో దశలో, 2021 వేసవిలో ‘బ్లాక్ ఫంగస్’ పేరు ప్రతి ఇంట్లోనూ వినిపించింది. యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం ఎన్నో కుటుంబాలు ఊళ్లు తిరిగాయి. ఆ కలకలం సద్దుమణిగాక ఫంగస్ సంగతి దాదాపు మర్చిపోయాం. అయితే 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషులకు అత్యంత ముప్పు తెచ్చే 19 ఫంగస్‌ల జాబితాను తొలిసారిగా ప్రకటించింది. అందులో బ్లాక్ ఫంగస్‌ది రెండో వరుస. మొదటి వరుసలో ఉన్న నాలుగింటిలో ఒకటి ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్. మన ఇంటి చుట్టూ గాలిలో ఎప్పుడూ తిరుగాడే మామూలు బూజు ఇది.

దీన్ని చూసి ఆరోగ్యవంతులు భయపడాల్సిన పని లేదు. కానీ ఇంట్లో ఎవరైనా బ్లడ్ క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నా, కిడ్నీ లేదా ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నా, వారాల తరబడి పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నా ఈ పేరు మీరు తెలుసుకోవాల్సిందే.

గాలిలోని బూజు జబ్బుగా ఎలా మారుతుంది?

ఆస్పర్‌జిల్లస్ కుళ్లే ఆకులు, తడిసిన గడ్డివాములు, పెంటకుప్పలు, గోడల చెమ్మ మీద పెరుగుతుంది. దాని బీజాలు ఎంత చిన్నవంటే, ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా తేలిగ్గా వెళ్లిపోతాయి. రోజూ మనమంతా వందల సంఖ్యలో వాటిని పీలుస్తూనే ఉంటాం. లోపలికి వెళ్లిన బీజాలను అక్కడి కాపలా కణాలు మింగేస్తాయి. తప్పించుకుని మొలకెత్తిన వాటిని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చంపేస్తాయి.

కీమోథెరపీ తర్వాత ఈ న్యూట్రోఫిల్స్ సంఖ్య 500 కంటే కిందికి పడిపోయి, పది రోజులకు మించి అలాగే ఉంటే కాపలా లేనట్లే. అప్పుడు బీజం దారంలా మొలకెత్తి, ఊపిరితిత్తి కణజాలాన్ని చీల్చుకుంటూ రక్తనాళాల్లోకి దూరుతుంది. రక్తనాళం మూసుకుపోయి ఆ భాగం చచ్చుబడుతుంది. అక్కడి నుంచి మెదడుకు కూడా పాకవచ్చు. దీన్నే ఇన్వేజివ్ ఆస్పర్‌జిల్లోసిస్ అంటాం. ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు కాబట్టి రోగిని వెలివేయనక్కర్లేదు. అతడు పీల్చే గాలి విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి.

ఒక రోగి కథ

గుర్తుపట్టే వివరాలు వదిలేసి ఒక ఉదాహరణ చెబుతాను. 34 ఏళ్ల వ్యక్తికి తీవ్రమైన బ్లడ్ క్యాన్సర్. తొలి విడత కీమో ముగిశాక న్యూట్రోఫిల్స్ 100 కంటే తక్కువకు పడిపోయాయి. జ్వరం వచ్చింది. అన్ని రకాల బ్యాక్టీరియాలనూ దెబ్బకొట్టే యాంటీబయాటిక్స్ వెంటనే మొదలుపెట్టారు. ఐదో రోజుకూ జ్వరం తగ్గలేదు. కొంచెం పొడిదగ్గు, గట్టిగా ఊపిరి తీస్తే కుడి పక్క పోటు. ఛాతీ ఎక్స్‌రే మాత్రం శుభ్రంగానే ఉంది.

చాలాచోట్ల పొరపాటు జరిగేది ఇక్కడే. ఈ రోగుల్లో తొలి రోజుల ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన ఊపిరితిత్తి బాగున్నట్లు కాదు. మచ్చ ఎక్స్‌రేలో కనబడే వేళకు జబ్బు చాలా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. అందుకే అదే రోజు ఛాతీకి సీటీ స్కాన్ తీశారు. కుడి ఊపిరితిత్తిలో గుండ్రటి గడ్డ, దాని చుట్టూ పొగమంచులాంటి వలయం కనిపించాయి. వర్షం ముందు చంద్రుడి చుట్టూ కనబడే గుడిలా ఉంటుంది కాబట్టి దీన్ని ‘హేలో’ అంటారు. ఫంగస్ రక్తనాళాన్ని కొరకడంతో గడ్డ చుట్టూ కారిన రక్తమే ఆ వలయం. ఇది మొదటి రోజుల్లోనే బాగా కనిపిస్తుంది, వారం తిరిగేసరికి చాలామందిలో చెరిగిపోతుంది. స్కాన్‌ను వాయిదా వేయకూడదనడానికి కారణం ఇదే.

తర్వాత గాలక్టోమానన్ అనే రక్త పరీక్ష చేశారు. ఫంగస్ పెరిగేటప్పుడు దాని గోడ నుంచి విడుదలయ్యే చక్కెర పదార్థమిది. రీడింగ్ 0.5 దాటితే అనుమానించాలి. ఈయనకు 1.1 వచ్చింది. ఊపిరితిత్తిలోకి గొట్టం వేసి నీళ్లతో కడిగి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే ఇంకా కచ్చితంగా తెలిసేది. కానీ ప్లేట్‌లెట్లు 12 వేలే ఉన్నందున ఆ పని ప్రమాదమని ఆపేశారు. ముక్క తీసి పరీక్షించే వీలూ లేదు. రక్షణ కణాలు లేని శరీరం, సీటీలో హేలో, రక్తంలో గాలక్టోమానన్... ఈ మూడూ కలిస్తే జబ్బు ఉందనుకుని చికిత్స మొదలుపెట్టాలి. నూటికి నూరుపాళ్లు రుజువయ్యేదాకా ఆగితే రోగి మిగలకపోవచ్చు.

టీబీ మందులతో వచ్చే చిక్కు

“సార్, ఊపిరితిత్తిలో మచ్చంటే టీబీయే కదా? ఎందుకైనా మంచిది, ఆ మందులు కూడా మొదలుపెట్టండి” అని ఆయన భార్య అడిగారు. మన దేశంలో ఎవరికైనా వచ్చే సందేహమే ఇది. ఊపిరితిత్తి మచ్చల్లో టీబీ వాటా మన దగ్గర పెద్దదే. అయితే టీబీ సాధారణంగా వారాల మీద నెమ్మదిగా పెరుగుతుంది. న్యూట్రోఫిల్స్ అడుగంటిన మనిషిలో రోజుల వ్యవధిలో పుట్టిన గడ్డను ముందుగా ఫంగస్‌గానే అనుమానించాలి.

ఇందులో మరో చిక్కుంది. టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌ను ఫంగస్ మందు వొరికొనజోల్‌తో కలిపి వాడితే, కాలేయం వొరికొనజోల్‌ను వేగంగా విరగ్గొట్టేస్తుంది. రక్తంలో మందు దాదాపు మిగలదు. రోగి రోజూ మందు తీసుకుంటూనే ఉంటాడు, ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌తోనూ ఈ ఇబ్బంది ఉంది. అందుకే కఫం పరీక్షలో టీబీ ఉందని తేలకుండా, ‘ఎందుకైనా మంచిది’ అంటూ టీబీ కోర్సు మొదలుపెట్టడం ఈ రోగుల్లో చాలా ఖరీదైన నిర్ణయం.

ఏ మందు, ఎంతకాలం?

ఫంగస్ మందులన్నీ ఒకటే అనుకోవద్దు. చాలామందికి తెలిసిన ఫ్లుకొనజోల్ ఆస్పర్‌జిల్లస్ మీద పనిచేయదు. దీనికి ముందుగా వాడే మందు వొరికొనజోల్. 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో పాత యాంఫోటెరిసిన్ తీసుకున్నవారిలో 58 శాతం మంది 12 వారాల తర్వాత బతికి ఉంటే, వొరికొనజోల్ తీసుకున్నవారిలో 71 శాతం మంది బతికారు. ఆ తర్వాత వచ్చిన ఐసావుకొనజోల్, పోసకొనజోల్ కూడా దాదాపు అంతే బాగా పనిచేస్తాయి. బ్లాక్ ఫంగస్ మీద మాత్రం వొరికొనజోల్ పనిచేయదు. రెండింటిలో ఏదో తేలనప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌తో మొదలుపెట్టడం మేలు.

మన రోగి బరువు 60 కిలోలు. తొలి రోజు 12 గంటల తేడాతో రెండుసార్లు 360 మిల్లీగ్రాముల చొప్పున, ఆ తర్వాత 12 గంటలకోసారి 240 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కించారు. ఐదో రోజు రక్తంలో మందు ఎంత ఉందో చూస్తే 0.6 వచ్చింది. ఇది కనీసం 1 ఉండాలి, 5.5 దాటకూడదు. ఒకే మోతాదును ఒక్కొక్కరి కాలేయం ఒక్కో వేగంతో విరగ్గొడుతుంది కాబట్టే ఈ పరీక్ష అవసరం. మోతాదు పెంచాక 2.4కు చేరింది, రెండు రోజుల్లో జ్వరం దిగింది.

వారం తర్వాతి సీటీలో గడ్డ కాస్త పెద్దదిగా కనబడటంతో ఇంట్లోవాళ్లు హడలిపోయారు. నిజానికి మందు పనిచేస్తున్నా తొలి పది రోజుల్లో గడ్డ పెరగడం మామూలే. రోగి తేరుకుంటుంటే అదే కారణంతో మందు మార్చేయకూడదు. న్యూట్రోఫిల్స్ కోలుకున్నాక గడ్డలో నెలవంకలా గాలి కనిపించింది. చచ్చుబడిన కణజాలం విడిపోతోందనడానికి అది గుర్తు. అయితే రక్తం కక్కే ప్రమాదం ఉన్నది కూడా ఆ దశలోనే. దగ్గులో చెంచాడు రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

ఇంటికి వెళ్లాక మాత్రలు. కనీసం 6 నుంచి 12 వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని రెండో వారంలోనే ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. వొరికొనజోల్ మాత్రను భోజనానికి గంట ముందు గానీ, గంట తర్వాత గానీ వేసుకోవాలి. వేసుకున్న కాసేపు చూపు మసకబారడం, వెలుగులు మెరిసినట్లు అనిపించడం ఉండొచ్చు. కాబట్టి బండి నడపొద్దు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే టాక్రోలిమస్ మోతాదును దాదాపు మూడో వంతుకు తగ్గించాల్సి వస్తుంది. వాడే మందులన్నీ కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.

స్టెరాయిడ్లు వాడేవారిలో ఈ జబ్బు మరింత దాగుడుమూతలు ఆడుతుంది. వాళ్లకు జ్వరం రాకపోవచ్చు, హేలో కనబడకపోవచ్చు, రక్తంలో గాలక్టోమానన్ పరీక్ష కూడా తప్పిపోవచ్చు. రోజుకు 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ మూడు వారాలకు పైగా వాడుతున్నవారిలో కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే సీటీ గురించి అడగండి.

పొలం నుంచి వార్డు దాకా

వొరికొనజోల్‌కు లొంగని ఆస్పర్‌జిల్లస్ మన దేశంలోనూ బయటపడింది. ఎన్నడూ ఆ మందు వాడని రోగుల్లోనూ అది కనిపిస్తుంది. కారణం పొలంలో ఉంది. వరిలో పొడ తెగులుకు, ఇతర పైర్లలో బూజు తెగుళ్లకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్ ఇదే కుటుంబానికి చెందిన మందులు. మట్టిలో, కుళ్లే గడ్డిలో వాటికి అలవాటుపడిన బూజు గాలిలో కలుస్తుంది. సిఫార్సు చేసిన మోతాదు మించి, అవసరం లేకున్నా ఇవి చల్లితే దాని ఫలితం క్యాన్సర్ వార్డులో కనబడుతుంది. వ్యవసాయ శాఖ, వైద్య శాఖ కలిసి చూడాల్సిన విషయమిది. పెద్దాసుపత్రుల సంగతి చూస్తే, గాలక్టోమానన్ ఫలితం వారానికి వస్తే దానితో పెద్దగా ఉపయోగం ఉండదు. ఒకటి రెండు రోజుల్లో ఇవ్వగలిగే ల్యాబ్ ఉండాలి. వార్డు పక్కన గోడలు పగలగొట్టే పని జరిగేటప్పుడు దుమ్ము లోపలికి రాకుండా అడ్డుకట్ట వేయాలి.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. రక్తకణాలు తక్కువగా ఉన్న వారాల్లో రోగిని దుమ్ము దులిపే పనులకు, గడ్డివాములకు, పశువుల కొట్టానికి, ఇంటి మరమ్మతులకు దూరంగా ఉంచండి. పూలకుండీల మట్టి తాకనివ్వకండి. బయటికి వెళ్లాల్సి వస్తే ఎన్-95 మాస్కు పెట్టండి. యాంటీబయాటిక్స్ మొదలై నాలుగైదు రోజులైనా జ్వరం దిగకపోతే, “ఫంగస్ కోసం సీటీ, గాలక్టోమానన్ చేశారా?” అని వైద్యుణ్ని అడగండి. ఆ ప్రశ్న ఐదో రోజున అడగడానికీ, పదిహేనో రోజున అడగడానికీ చాలా తేడా ఉంది.